విడిపోయి ఎనిమిది నెలలు, ‘తిన్నావా’ మాత్రం ఆగట్లేదు

పానగల్_గట్టు
మూడేళ్ల సంబంధం. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. ఇంట్లో చెప్పమంటే ‘చెల్లె పెళ్లయ్యాక’ అన్నాడు. చెల్లె పెళ్లయింది. తర్వాత ‘ఇల్లు కట్టాక’ అన్నాడు. ఫిబ్రవరిలో నేనే చాలన్నా.

అప్పటి నుంచి మెసేజ్‌లు. ‘తిన్నావా’, ‘అక్కడ వాన పడుతోందా’, ‘బస్టాండ్‌లో దిగిన, నువ్వే గుర్తొచ్చినవ్’. బూతు లేదు, బెదిరింపు లేదు. అందుకే తిట్టలేకపోతున్నా. జాలేసినప్పుడు ‘తిన్నా’ అనో ‘హ్మ్’ అనో పెడతా.

నాలుగు నెలలుగా ఇంకొకతనితో ఉన్నా. మహబూబ్‌నగర్ అబ్బాయి, నెమ్మదస్తుడు. ముందొక సంబంధం ఉండేదని చెప్పా గానీ మెసేజ్‌లు ఇంకా వస్తున్నాయని చెప్పలేదు. మొన్న ఆదివారం పిల్లలమర్రి చూసి పక్కన చాయ్ తాగుతుంటే బల్ల మీది ఫోన్ వెలిగింది. ‘నిద్ర పట్టట్లేదు’ అని. ఇతను చూశాడు. ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడమే నాకు టెన్షన్.

పాత అతని మనసు నొప్పించకుండా ఇది ఆపే దారి ఉందా?

పాలమూరు_పోరడు
బ్లాక్ కొట్టు. రెండు సెకన్ల పని. దీనికింత పెద్ద పోస్ట్ ఎందుకు?

క్లాక్‌టవర్_చాయ్
మధ్యాహ్నం చాయ్ బల్ల దగ్గర ‘నిద్ర పట్టట్లేదు’ అంటున్నాడంటే నైట్ డ్యూటీ చేస్తున్నాడేమో, పాపం.

సర్వీస్_రిటైర్డ్
అమ్మా, భర్త ఫోన్‌కు పాత స్నేహితురాలి మెసేజ్‌లు వస్తే నిలదీయకూడదు. సమయం చూసుకుని అడగాలి. మా ఇంట్లో 1994లో ఇలాంటిదే ఒక ఉత్తరం వచ్చింది…

క్లాక్‌టవర్_చాయ్
పెద్దాయనా, ఆమెకు ఇంకా పెళ్లి కాలేదు, మెసేజ్‌లు వచ్చేది ఆమెకే. కానీ ఆ ఉత్తరం సంగతి మాత్రం మధ్యలో ఆపొద్దు.

కోడలుపిల్ల_సూర్యాపేట
కొత్త అబ్బాయికి ఏమీ చెప్పకు చెల్లీ. చూసి కూడా అడగలేదంటే పట్టించుకోలేదన్నమాట. మనమే తవ్వి పైకి తీస్తే రేపు పెళ్లయ్యాక ప్రతి గొడవలోనూ అదే ఎత్తుతాడు. నేను చూసిన మాటే చెబుతున్నా.

సాగర్‌రోడ్_అక్క
నేను పదకొండేళ్లుగా ఆడవాళ్ల కేసుల్లో కౌన్సెలింగ్ చేస్తున్నా. సలహాకు ముందు ఒక పని చెయ్యి. చాట్ తెరిచి జూన్ నుంచి లెక్కపెట్టు. అతను ఎన్ని పంపాడు, నువ్వు ఎన్నిటికి జవాబిచ్చావు, ఒక్కో జవాబు ఎన్నో మెసేజ్ తర్వాత ఇచ్చావు. ఉజ్జాయింపు వద్దు, కాగితం మీద రాయి.

పాలమూరు_పోరడు
లెక్కలెందుకక్కా, ఇదేమన్నా జనాభా లెక్కలా?

పానగల్_గట్టు
రాశాను. రాస్తుంటే సిగ్గనిపించింది. జూన్ నుంచి అతనివి 61. నా జవాబులు 12. జూన్‌లో రెండో మెసేజ్‌కే పలికేదాన్ని. ఆగస్టులో గట్టిగా ఉందామనుకుని ఆరో మెసేజ్ దాకా ఆగా. సెప్టెంబర్‌లో తొమ్మిదోదాకా. ఆ తొమ్మిదోది ‘అమ్మకు షుగర్ బాగా పెరిగింది’ అని. వాళ్లమ్మ నన్ను బాగా చూసేది, అందుకే పలికా.

సాగర్‌రోడ్_అక్క
నువ్వు గట్టిగా ఉన్నాననుకున్నావు. అతనికి మాత్రం వేరే పాఠం అందింది. జూన్‌లో రెండు పంపితే చాలని తెలిసింది, ఆగస్టులో ఆరు పంపాలని, సెప్టెంబర్‌లో తొమ్మిది పంపి అమ్మ పేరెత్తాలని తెలిసింది.

ఊరి స్టేజీ దగ్గర ఎప్పుడూ ఆగని బస్సు కోసం ఎవరూ నిలబడరు. ఎప్పుడో ఒకసారి ఆగే బస్సు కోసమే గంటలకొద్దీ నిలబడతారు. నీ ‘హ్మ్’ అలా ఆగిన బస్సు. అందులో ఏం రాశావన్నది కాదు, ఆగిందా లేదా అన్నదే అతను చూసేది. నువ్వు కోపంగా తిట్టినా అతనికి అది ఆగినట్టే.

నొప్పించకుండా ఆపే దారి అడిగావు. అది లేదు. ఎనిమిది నెలలు మెల్లగా నొప్పించడమా, ఒక్కరోజు నొప్పించడమా, ఈ రెంటిలోనే ఒకటి.

మిర్యాలగూడ_మిల్లు
ఇది చదివి లోపల కలుక్కుమంది. ఎందుకంటే ఆ పాత అతను నేనే. అంటే నీ వాడు కాదు, ఇంకొకామె విషయంలో అలాంటి వాణ్ణి.

2021లో విడిపోయినం. ఏడాది పాటు మెసేజ్‌లు పెట్టిన. ఆమె ‘హ్మ్’ పెడితే దాన్ని పట్టుకుని రాత్రంతా ఆలోచించేటోణ్ణి. రెండు నీలం టిక్కులు పడితే ‘చదివింది, అంటే మనసులో ఉన్నా’ అనుకునేటోణ్ణి. స్టేటస్ పెట్టి ఆమె చూసిందో లేదో పది సార్లు చూసుకునేటోణ్ణి. అసలు ఆ స్టేటస్ పెట్టేదే ఆమె కోసం. చెడ్డోణ్ణని నాకెప్పుడూ అనిపించలేదు. బూతు మాట ఒక్కటి రాయలేదు గదా, నేనేం తప్పు చేస్తున్నా అనుకునేటోణ్ణి.

జడ్చర్ల_జంక్షన్
మరి ఎట్ల ఆగినవ్ అన్నా?

మిర్యాలగూడ_మిల్లు
ఒకరోజు నాలుగు లైన్ల మెసేజ్ పెట్టింది. ఇక వద్దు అని. మొదలు నేను నమ్మలేదు. అందులో భాష మరీ పద్ధతిగా ఉంది, కొత్తాయన పక్కన కూర్చుని టైపు చేయించిండు అనుకున్న. వారం రోజులు ఇంకా ఎక్కువ పంపిన. ఒక్కదానికీ పలకలేదు. నెల రోజులకు నాకే సిగ్గనిపించింది. ఇప్పుడు పెళ్లయింది, ఒక పాప.

క్లాక్‌టవర్_చాయ్
అన్నా, ఈ అకౌంట్ పేరు వదినకు తెల్వకుండ చూసుకో.

సాగర్‌రోడ్_అక్క
మిల్లు తమ్ముడు చెప్పిన దాంట్లో ఒక మంచి సంగతి ఉంది. ఆ మెసేజ్ నీ మాటల్లోనే ఉండాలి. వకీలు రాసినట్టుంటే వేరేవాళ్లు రాయించారనుకుంటారు. నువ్వు రాసి ఇక్కడ పెట్టు, చూద్దాం.

పానగల్_గట్టు
ఇలా రాశా: ‘సారీ, నువ్వు చాలా మంచివాడివి, నీ మీద నాకేం కోపం లేదు. కానీ ఇప్పుడు నేను ఇంకొకరితో ఉన్నా, అతనికి నచ్చదు. కొన్నాళ్లు మెసేజ్ చేయకు ప్లీజ్. అమ్మను అడిగినట్టు చెప్పు.’

సాగర్‌రోడ్_అక్క
అతని కళ్లతో చదువు. ‘కోపం లేదు’ అంటే ప్రేమ ఉందని చదువుతాడు. ‘ఇప్పుడు’ అంటే రేపు మారొచ్చని. ‘అతనికి నచ్చదు’ అంటే నీకు నచ్చుతుందని, అడ్డం అతనేనని. అతనితో ఒక చిన్న గొడవ అయిందని తెలిస్తే చాలు, మళ్లీ వస్తాడు. ‘కొన్నాళ్లు’ అంటే నువ్వే తేదీ ఇచ్చినట్టు. ఇక ‘అమ్మను అడిగినట్టు చెప్పు’ అన్నది తలుపు తీసి పెట్టడమే. చెప్పాక ‘అమ్మ కూడా నిన్ను అడిగింది’ అని రాస్తాడు గదా.

కారణం రాయకు. కారణం రాస్తే దానికి జవాబుంటుంది. ‘వద్దు’ అనే మాటకు జవాబుండదు.

కోడలుపిల్ల_సూర్యాపేట
మరీ అంత మొహం మీద కొట్టినట్టా? మూడేళ్లు కలిసున్న మనిషి. అక్కా, మీరు కేసులు చూసి చూసి రాయిలా అయ్యారేమో.

సాగర్‌రోడ్_అక్క
అయ్యుండొచ్చు.

పానగల్_గట్టు
మళ్లీ రాశా. ‘మనది ఫిబ్రవరిలోనే అయిపోయింది. నువ్వు మెసేజ్ చేయడం నాకు ఇష్టం లేదు. ఇకనుంచి మెసేజ్ గానీ ఫోన్ గానీ చేయొద్దు, మన ఫ్రెండ్స్‌తో చెప్పించొద్దు. దీనికి జవాబు వద్దు. నేనూ ఇక పలకను.’

మిర్యాలగూడ_మిల్లు
ఇది నాకు వచ్చుంటే అర్థమయ్యేది. నొప్పి అయ్యేది, కానీ అర్థమయ్యేది.

పాలమూరు_పోరడు
నేను మొదటి రోజు చెప్పిందే అక్క పది పోస్టుల్లో చెప్పింది. ఇది పంపి వెంటనే బ్లాక్ కొట్టు, కథ ముగిసింది.

సాగర్‌రోడ్_అక్క
సగం ఒప్పుకుంటా. ముందు ‘వద్దు’ అని చెప్పకుండా బ్లాక్ చేస్తే అతను ‘అలిగింది, కోపం తగ్గితే తీస్తది’ అనుకుంటాడు. చెప్పాక చేస్తే మంచిదే. కానీ కథ అక్కడితో ముగియదు. ఇన్నాళ్లూ పలికిన ఫోన్ పలకడం మానేస్తే మనిషి ముందు ఇంకా గట్టిగా తలుపు కొడతాడు. వాడని దారులన్నీ వెతుకుతాడు. ఆ పది పదిహేను రోజులే కష్టం. చాలామంది ఆడపిల్లలు సరిగ్గా అప్పుడే భయపడి ‘ప్లీజ్ ఆపు’ అని పలుకుతారు. అప్పుడు అతను నేర్చుకునేది తొమ్మిది కాదు, యాభై పంపాలని.

ఇంకొకటి. వాట్సాప్‌లో బ్లాక్ చేసి ఉన్నప్పుడు అతను పంపినవి తర్వాత బ్లాక్ తీసినా నీకు రావు. నీ మనశ్శాంతికి అది మేలే. రేపు ఫిర్యాదు ఇవ్వాల్సి వస్తే మాత్రం చూపడానికి ఏమీ ఉండదు. అతను మొండివాడని అనుమానముంటే మొదటి రెండు వారాలు బ్లాక్ చేయకుండా మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడెయ్యి. తెరవకు. నీకు చూడకుండా ఉండే ఓపిక లేదనుకుంటే మాత్రం బ్లాకే నయం.

జడ్చర్ల_జంక్షన్
బ్లాక్ చేసినా కాలేజీ గ్రూపులో ఇద్దరూ ఉంటే అక్కడ పెట్టినవి కనబడతాయి. నాకు అట్లనే అయింది. గ్రూపులో ‘కొందరు మారిపోతరు’ అని సూక్తులు పెట్టేది. అందరూ చప్పట్లు కొట్టేటోళ్లు, నాకొక్కనికే తెలుసు అవి ఎవరికో.

క్లాక్‌టవర్_చాయ్
నేనూ చప్పట్లు కొట్టిన గుంపులో వాణ్ణే అయ్యుంటా.

పానగల్_గట్టు
పంపేశా. నిన్న రాత్రి తొమ్మిదింటికి. చేతులు వణికాయి. ఈ రోజు ఇతనికి కూడా మొత్తం చెప్పేశా, చాట్ చూపించా. కోడలుపిల్ల అక్కా, మీ మాట వినలేదు, ఏమనుకోకండి. అతను అన్న మొదటి మాట, ‘మెసేజ్ వచ్చినందుకు కాదు, నేను చూశానని తెలిసి కూడా నువ్వు చెప్పలేదు, అందుకు బాధేసింది’. రెండో మాట, ‘వాడి నంబర్ ఇవ్వు, నేను మాట్లాడతా’. ఇవ్వాలా?

సాగర్‌రోడ్_అక్క
వద్దు. అతను ఫోన్ చేసిన క్షణం ఇది నీ ‘వద్దు’ కాకుండా పోతుంది. ఇద్దరు మగాళ్ల పంతం అవుతుంది. పాతవాడికి ‘ఆమె కాదు, వాడే ఆపుతున్నాడు’ అని చెప్పుకునే వీలు దొరుకుతుంది.

పాలమూరు_పోరడు
ఇక్కడ మాత్రం ఒప్పుకోనక్కా. మా చెల్లె విషయంలో నేనూ మా చిన్నాయన కొడుకూ పోయి కూర్చోబెట్టి మాట్లాడినం. చెయ్యెత్తలేదు. ఒక్క పూటలో ఆగింది. మన దిక్కు ఇంటోళ్ల మాటకు విలువుంటది.

సాగర్‌రోడ్_అక్క
అన్నగా నువ్వు పోవడం వేరు, కొత్త అబ్బాయి పోవడం వేరు. అయినా నీ మాట తీసిపారేయను, కొన్నిచోట్ల ఆగడం నేనూ చూశా. ముదిరి తలలు పగిలినవీ చూశా. ఏది ఏమవుతుందో ముందే చెప్పగలిగితే నా ఉద్యోగం చాలా తేలికయ్యేది.

పానగల్_గట్టు
ఆరు రోజులు. అక్క చెప్పినట్టే జరుగుతోంది. మొదటి రాత్రి 14 మెసేజ్‌లు. ‘ఒక్కసారి మాట్లాడు, చాలు’. మూడో రోజు వేరే నంబర్ నుంచి ఫోన్. నాలుగో రోజు, నమ్మరు, డబ్బులు పంపే యాప్‌లో ఒక్క రూపాయి వేసి దాని కింద ‘సారీ రా’ అని రాశాడు. తర్వాత ఇంకో రూపాయి, ‘ఒక్కసారి’ అని. అలా ఏడు రూపాయలు వచ్చాయి.

క్లాక్‌టవర్_చాయ్
పది దాటితే చాయ్ నా తరఫున.

జడ్చర్ల_జంక్షన్
ఆ రూపాయి తిరిగి పంపకు, అదీ జవాబే. ఆ యాప్‌లో కూడా విడిగా బ్లాక్ ఉంటది, వెతుకు.

సాగర్‌రోడ్_అక్క
జంక్షన్ సరిగ్గా చెప్పాడు. బ్లాక్ చేసేముందు ఆ ఏడింటినీ స్క్రీన్‌షాట్ తీసుకో, తేదీ, టైము కనబడేలా. వాట్సాప్‌వి కూడా అప్పటికప్పుడే తీయి, పంపినవాడు ‘అందరికీ డిలీట్’ కొడితే నీ ఫోన్‌లోనూ పోతాయి. పేరు మాత్రమే కాదు, నంబర్ కూడా కనబడాలి. నీ ‘వద్దు’ మెసేజ్ ఉన్న చాట్ చెరపకు, ఆ ఫోన్ మార్చకు, ఎవరికీ అమ్మెయ్యకు.

కోడలుపిల్ల_సూర్యాపేట
ఇదంతా దేనికి? ‘తిన్నావా’ అన్నందుకు కేసు పెడతారా? బెదిరిస్తేనో, ఫోటోలు బయటపెడతానంటేనో తప్ప పోలీసులు తీసుకోరు.

సాగర్‌రోడ్_అక్క
అందరూ అనుకునేది అదే. చట్టంలో అలా లేదు. 2013లో ఐపీసీలో 354డి అని చేర్చారు, 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 78. ఇష్టం లేదని ఆమె స్పష్టంగా తెలిపాక కూడా ఒక మగవాడు పదే పదే మాట కలపాలని చూస్తే అది నేరం. బూతు ఉండాలని లేదు, బెదిరింపు ఉండాలని లేదు. మొదటిసారి రుజువైతే మూడేళ్ల వరకు జైలు పడొచ్చు, బెయిలు దొరికే నేరం.

చూడు, ‘స్పష్టంగా తెలిపాక’ అన్న చోటే కేసంతా ఉంది. పోయిన నెల వస్తే 12 సార్లు నువ్వే పలికిన చాట్ చూపించాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక తేదీ ఉంది. ఆ తేదీ తర్వాత నువ్వు ఒక్కసారీ పలకలేదు.

అలాగని రేపే కేసు పెట్టమనను. మన జిల్లాల్లోనూ పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. అక్కడ చాలావాటికి ముందు అతన్ని, ఇంటివాళ్లను పిలిచి కూర్చోబెట్టి చెబుతారు. ఎక్కువమంది అక్కడితోనే ఆగుతారు.

జడ్చర్ల_జంక్షన్
మరి నాకు అమ్మాయి నుంచి వచ్చేది గదా. నాకేం చట్టం?

సాగర్‌రోడ్_అక్క
78లో బాధితురాలు ఆడది, నిందితుడు మగవాడు, అంతే రాసుంది. బెదిరింపు ఉంటే వేరే సెక్షన్ల కింద నువ్వూ పోవచ్చు. ఉత్త మెసేజ్‌లకైతే మీకు అంత సూటి దారి లేదు. న్యాయమా అంటే నా దగ్గర జవాబు లేదు.

సర్వీస్_రిటైర్డ్
ఆ ఉత్తరం గురించి అడిగారు కదా. అది నాకు వచ్చింది. మా ఆవిడ చదివి, మడిచి, మళ్లీ కవర్లో పెట్టి నా చేతికే ఇచ్చింది. ఏమీ అడగలేదు. నేనే ఆ రాత్రి మొత్తం చెప్పాను. మొదట నేను సరిగ్గా చదవలేదు గానీ, ఈ అబ్బాయి అడగకపోవడం చూస్తే ఆ రోజు గుర్తొచ్చింది.

పానగల్_గట్టు
పదకొండో రోజు. రాత్రి ఒంటిగంటకు ‘నేనింక ఉండను, నీ ఇష్టం’ అని వచ్చింది. నేను ఆర్కైవ్ తెరవకుండా ఉండలేకపోయా, అది నా తప్పే. ఇప్పుడు గుండె దడదడలాడుతోంది. పలకనా?

సాగర్‌రోడ్_అక్క
నువ్వు అతనికి పలకకు, కానీ వదిలెయ్యకు. నిజమో నాటకమో మనం ఇక్కడ కూర్చుని తేల్చొద్దు, నిజమనే అనుకుందాం. అతని ఇంట్లో ఎవరి నంబర్ ఉన్నా ఇప్పుడే ఫోన్ చేసి ఆ మెసేజ్ ఉన్నదున్నట్టు చదివి వినిపించు, పక్కన మనిషిని ఉండమను. ఎవరూ ఎత్తకపోతే 112కి చేసి అతని ఊరు, నంబర్ చెప్పు. తర్వాత వాళ్లింట్లోవాళ్లకు 14416 ఇవ్వు, మనసు బాగాలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన టెలీ మానస్ నంబర్, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడతారు.

పానగల్_గట్టు
వాళ్ల బావకు చేశా. లేచి అతని గదికి వెళ్లాడు. బాగానే ఉన్నాడట, మేలుకునే ఉన్నాడట. బావకు ఇన్ని నెలల సంగతేదీ తెలియదు. ‘నువ్వు పడుకో అమ్మా, ఇది మేం చూసుకుంటం’ అన్నాడు. ఏడ్చా.

మిర్యాలగూడ_మిల్లు
బావకు తెలిసింది గదా, ఇక చూడు. నా విషయంలో ఎవరికైనా తెలిసుంటే ఏడాది పట్టేది కాదు.

పానగల్_గట్టు
నెల దాటింది. ఆ రాత్రి తర్వాత మెసేజ్ లేదు. ఒక్కసారి స్టేటస్ చూశాడు, అంతే. నేను స్టేటస్ సెట్టింగ్స్‌లోంచి కూడా తీసేశా. ఇతనితో బాగానే ఉంది, ఫోన్ వెలిగితే ఇద్దరం ఒకేసారి అటు చూసి నవ్వుకుంటున్నాం, అది ఇంకా పోలేదు.

ఇప్పుడు కొత్త సంగతి. వచ్చే నెల దేవరకొండలో మా కాలేజీ ఫ్రెండ్ పెళ్లి. అతనూ వస్తాడు. నేను మానెయ్యాలా?

కోడలుపిల్ల_సూర్యాపేట
వెళ్లు. నీ ఫ్రెండ్ పెళ్లి, నువ్వెందుకు మానాలి? ఇతన్ని వెంటబెట్టుకుని వెళ్లు.

సాగర్‌రోడ్_అక్క
వెళ్లు, కానీ ఒంటరిగా మాట్లాడదామంటే పక్కకు వెళ్లకు. ఇతన్ని తీసుకెళ్లడం గురించి మాత్రం నాకు ఇంకా తేలలేదు, రెండు రోజులు ఆలోచించి రాస్తా.

పాలమూరు_పోరడు
తీసుకపో. మావాడు పాలమూరోడు, భోజనాల దగ్గర ఎవడి దిక్కూ చూడడు.